బంగారం ధర పెరిగి దాచిపెట్టిన అప్పు

ప్రశ్న: మా ఆయన నాకు తెలియకుండా అప్పు చేశాడు. నిలదీస్తే "అంతే, ఇంకేం లేదు" అంటున్నాడు. నమ్మొచ్చా? ఇకమీద ఇంటి లెక్కలు ఇద్దరం కలిసి చూసుకోగలమా?

ఆ "అంతే" అన్న మాటను ఇప్పుడే నమ్మకండి, అలాగని కొట్టిపారేయకండి. అది తేల్చుకునే దారి ఉంది. ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది తిరుపతి. 2025 ఎండాకాలంలో రేణిగుంట రోడ్డు వైపు ఫ్లాట్ చూసుకుని, ఇద్దరి జీతాల మీద హోమ్ లోన్‌కి వెళ్ళాం. బ్యాంకులో ఆఫీసర్ ఇద్దరి క్రెడిట్ రిపోర్టులు తీశాడు. "సార్ పేరు మీద గోల్డ్ లోన్ ఉంది కదమ్మా, ఫారంలో రాయలేదే?" అన్నాడు. "మాకు గోల్డ్ లోన్ లేదండీ, ఇంకెవరిదో అయ్యుంటుంది" అన్నాను గట్టిగా. మా ఆయన మాత్రం తల ఎత్తలేదు. ఆ పక్క కుర్చీలో కూర్చునే నాకు విషయం అర్థమైంది.

తాకట్టులో ఉన్నది నా పెళ్ళికి మా నాయన చేయించిన ఆరు సవర్ల హారం. అప్పటిదాకా అది లాకర్లో ఉందనే అనుకున్నాను. ప్రతి పెళ్ళికీ తీసుకురమ్మంటే "బస్సుల్లో పోయేటప్పుడు అంత బంగారం ఎందుకు, చిన్న గొలుసు చాలు" అనేవాడు. నా మీద జాగ్రత్త అనుకుని సంతోషపడేదాన్ని. అప్పు కంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆ జాగ్రత్త మాటలన్నీ అబద్ధమైపోయాయి, వాటిని ఎక్కడి నుంచి తెచ్చుకోను?

జరిగింది ఇదీ. తోటి ఉద్యోగి ఒకాయన చీటీ పాడుకుంటే మా ఆయన ష్యూరిటీ సంతకం పెట్టాడు. ఆయన డబ్బు తీసుకుని కంతులు ఎగ్గొట్టాడు. ఆ బాకీ కట్టడానికి 2021లో హారం పెట్టి లక్షన్నర తెచ్చాడు. మా ఊళ్ళో ఈ ష్యూరిటీ సంతకాలంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. పక్క సీటు వాడు అడిగితే కాదనడం మర్యాద కాదట! ఆ సంతకంతో పణంగా పెట్టేది ఇంట్లో ఆడమనిషి మెడలోదని ఒక్కడికీ గుర్తుండదు.

గోల్డ్ లోన్ ఎంత సులువుగా దాగుతుందో తెలుసుకోండి. నెలనెలా కంతు కట్టే లోన్ అయితే పాస్‌బుక్‌లో కనబడుతుంది. మా ఆయన తీసుకున్నది ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే రకం. పన్నెండు నెలలు ఖాతాలో చప్పుడే ఉండదు. గడువు వచ్చినప్పుడు ఒక్క రోజుకి చేబదులు తెచ్చి పాతది మూసేసి, అదే హారం మళ్ళీ పెట్టి, వడ్డీ కూడా కలిపి కొత్త లోన్ తీసుకుని చేబదులు తీర్చేసేవాడు. జేబులోంచి పైసా తియ్యలేదు.

నూటికి పన్నెండు వడ్డీ వేసుకోండి. లక్షన్నర మొదటి ఏడాదికి 1,68,000 అయింది. రెండో ఏడాదికి 1,88,000, మూడో ఏడాదికి 2,10,000 పైన, నాలుగో ఏడాదికి 2,36,000. మామూలుగా అయితే ఇలాంటి తిప్పుడు ఎక్కడో ఒకచోట ఆగాలి, ఎందుకంటే బంగారం విలువలో నూటికి 75 మించి అప్పు ఇవ్వకూడదన్నది అప్పటి రూలు. కానీ 2021లో గ్రాము ఇరవై రెండు క్యారెట్లు సుమారు 4,500 ఉన్నది 2025 ఎండాకాలానికి 9,000 దగ్గరికి చేరింది. హారం బరువు 48 గ్రాములే, దాని మీద పుట్టే అప్పు మాత్రం 1,62,000 నుంచి 3,24,000కి పెరిగింది. అంటే అప్పు పెరుగుతున్నా ఎప్పుడూ హద్దు దాటలేదు, వేలం నోటీసు రాలేదు, ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు. పైగా "మీ బంగారం విలువ పెరిగింది, ఇంకొంత తీసుకోండి" అని ఆయన ఫోన్‌కి మెసేజ్‌లు. ధర పడి ఉంటే ఎప్పుడో బయటపడేది.

ఇంకో కోపం కూడా చెప్పుకోవాలి. ఇరవై గ్రాములు దాటిన నగ పెడితే అది ఎవరిదో సరిచూసి రాసుకోవాలని ఫైనాన్స్ కంపెనీలకు అప్పట్లో రిజర్వ్ బ్యాంకు రూలు ఉండేది. మా విషయంలో ఆ సరిచూడటం అంటే "ఇది నాదే" అని ఆయన పెట్టిన సంతకం. ఆడవాళ్ళ హారం మగవాడు తెస్తే ఎవరిదని అడిగిన దిక్కు లేదు. ఆ లోన్‌కి నేను బాధ్యురాలిని కాదు, నిజమే. కానీ కట్టకపోతే పోయేది నా నగ. వేలంలో మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చేది కూడా లోన్ తీసుకున్న వాళ్ళకే.

మా అత్త "లక్షన్నర పెద్ద విషయమా, మగవాడన్నాక అప్పు చెయ్యడా" అన్నారు. ఎంత అప్పు అన్నది కాదు నా బాధ. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి ఇబ్బంది వస్తే ఈ హారం ఉందిలే అనుకుని, నేను కడుతున్న ఆర్‌డీ ఆపేసి ఆ డబ్బు ఫ్లాట్ అడ్వాన్సుకి మళ్ళించాను. ఒకే హారాన్ని ఆయన ఒక చోట, నేను ఒక చోట లెక్కలో వేసుకున్నాం. దాచిన అప్పు చేసే అసలు నష్టం ఇదే. రెండో మనిషి తీసుకునే ప్రతి నిర్ణయమూ లేని డబ్బు మీద నిలబడుతుంది. పైగా ఇది ఒకసారి దాచింది కూడా కాదు, గడువు వచ్చిన ప్రతిసారీ కొత్తగా దాచాడు.

ఇక మీ "అంతే" సంగతి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు క్రెడిట్ రిపోర్టు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ఫోన్‌కి వచ్చే ఓటీపీతో ఆయన చేతే తీయించండి. కనీసం రెండు చోట్ల తీయండి, ఒకదానిలో లేనిది ఇంకోదానిలో ఉండొచ్చు. కార్డులు, యాప్‌లోన్లు, గోల్డ్ లోన్లు చాలావరకు అందులో తేలతాయి. తేలనివి సేఠు కొట్టు తాకట్టు, చేబదులు, ప్రామిసరీ నోటు, చీటీ బాకీ, చీటీకి పెట్టిన ష్యూరిటీ. రిపోర్టు తీయకముందే అన్నీ ఒక కాగితం మీద రాయమనండి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

బ్యాంకు నుంచి వచ్చిన రాత్రి మా ఆయన ఆ కాగితంలో నలభై వేల చేబదులు కూడా రాశాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏ రిపోర్టులోనూ లేదు, రాయకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నాకు మళ్ళీ కాస్త నమ్మకం కుదిరింది అక్కడే. మనం పట్టుకున్నది ఒప్పుకుంటే ఏముంది, పట్టుకోలేనిది చెప్పాలి.

ఫ్లాట్ వదులుకున్నాం. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు, అందుకని ముందు ఆ చేబదులు తీర్చేశాం. తర్వాత గోల్డ్ లోన్‌కి గడువు దాకా ఆగకుండా నెలకు పన్నెండు వేలు కడుతున్నాం. ఇలా కడితే రెండేళ్ళ లోపు హారం విడిపించుకోవచ్చు. రసీదు నా ఫోన్‌కి రావాలన్నది నా షరతు, వస్తోంది.

మీ ఆయన రిపోర్టులో గోల్డ్ లోన్ కనబడితే మాత్రం బాకీ ఎంతో అడిగి ఊరుకోకండి. మొదట ఎప్పుడు పెట్టారు, ఎన్నిసార్లు తిరగ పెట్టారు, వచ్చే గడువు ఏ తేదీ, ఈ మూడూ అడగండి. తాకట్టు కార్డు తెచ్చి మీ ముందు పెట్టమనండి.