పొదగడానికి కూర్చోవాలా?

గురువుగారికి నమస్కారం. మా బడి పిల్లల కోసం పెంగ్విన్ పాఠం రాస్తూ, "మగ పెంగ్విన్ గుడ్డును పొదుగు సంచిలో పెట్టుకుని, నిలబడే పొదుగుతుంది. అన్నాళ్లూ ఉపవాసం ఉంటుంది" అన్నాను. మా అత్తగారు విని, "పొదగడం పెట్ట పని, అదీ కూర్చుని చేసేది. మగది నిలబడి పొదగడమేమిటి?" అన్నారు. నా వాక్యంలో తప్పుందా?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి, ఒడిశా

అమ్మా, గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి అడిగారు కాబట్టి ముందు వాడుకనే చూద్దాం. మీ అత్తగారిది కోళ్లను పొదగవేసిన చేతి అనుభవం, కొట్టిపారేయలేను. అయినా క్రియ విషయంలో మీదే ఒప్పు. ఉంగరంలో రాయిని పొదుగుతాం. చుట్టూ పట్టి, కదలకుండా ఇమిడ్చి ఉంచడం అక్కడి భావం. గుడ్డు దగ్గర దానికి ఒంటి వెచ్చదనం తోడవుతుంది, అంతే. కూర్చోవడంతో గాని, ఆడతనంతో గాని ఆ మాటకు పనిలేదు. పగటిపూట గుడ్ల మీద ఉండే మగ పావురాన్ని కూడా పొదుగుతోందనే అంటాం.

ఎంపరర్ పెంగ్విన్ చేసే పని కంసాలి పనికి మరీ దగ్గర. అంటార్కిటికాలో గడ్డకట్టిన సముద్రం మీద, గూటికి పుల్ల కూడా దొరకని చోట, మే, జూన్ నెలల్లో ఆడది ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అది దాదాపు 450 గ్రాములు, అంటే ఎనిమిది కోడిగుడ్లంత. దాన్ని మగదానికి అప్పగించి తాను మేతకు సముద్రం దారి పడుతుంది. అసలు గండం ఆ అప్పగింతలోనే ఉంది. గుడ్డు జారి మంచు మీద కాసేపు ఉండిపోతే లోపలి పిండం చచ్చిపోతుంది. మగది దాన్ని తన పాదాల పైకి చేర్చుకుని, పొట్ట కింది వదులు చర్మాన్ని దానిమీదికి దించుతుంది. ఆ మడత లోపల ఒకచోట ఈకలుండవు. నెత్తురు బాగా పారే ఆ బోడి చర్మం నేరుగా గుడ్డుకు తగులుతుంది. బయట చలి సున్నాకు 40 డిగ్రీలు దిగువకు పోయినా, గుడ్డు మాత్రం 30 డిగ్రీలకు పైనే ఉంటుంది.

మీ వాక్యంలో నాకు మింగుడుపడనిది "పొదుగు సంచి". నామవాచకంగా పొదుగు అనగానే మన పిల్లలకు ఆవు పొదుగే గుర్తొస్తుంది. పైగా అది సంచి కాదు. కంగారూ సంచికి అడుగు ఉంటుంది, దీనికి పాదాలే అడుగు. పక్షి తడబడితే గుడ్డు దొర్లిపోతుంది, అందుకే అది గుడ్డుతో పొట్టి పొట్టి అడుగులే వేస్తుంది. "పొట్టమడత" అని రాయండి, బొమ్మ చూపకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

ఉపవాసాన్ని "పస్తు" అని దిద్దేవారు తగలవచ్చు, వినకండి. తిండి దొరకక ఉండేది పస్తు, ఒక పని పట్టి తిండి మానేది ఉపవాసం. మీ వైపు ఓషా నోము పట్టే ఇల్లాళ్లను పస్తున్నారని ఎవరూ అనరు కదా. పొదిగే కోడి కూడా రోజుకొకసారి లేచి నాలుగు గింజలు తిని వస్తుంది. ఈ పక్షికి ఆ వెసులుబాటు లేదు. పొదగడం సుమారు 64 రోజులు. అంతకుముందు జతకూడే రోజుల్లోనూ తినదు కనుక మొత్తం 115 రోజుల దాకా మంచు కొరుక్కోవడమే. 38 కిలోలతో వచ్చిన పక్షి చివరికి 23 కిలోలకు దిగిందనుకోండి, రోజుకు 130 గ్రాముల చొప్పున కరిగిందన్నమాట. కరిగేది ఎక్కువగా కొవ్వే.

ఆ కొవ్వు అన్నాళ్లు సరిపోవడానికి కారణం గుంపు. చదరపు మీటరుకు పది పక్షుల వరకు ఒత్తుకుని నిలబడతాయి. అర నిమిషానికో, నిమిషానికో ఒకసారి గుంపంతా చిన్న అడుగు వేస్తుంది. అలా కదులుతూ కదులుతూ అంచున ఉన్నవి లోపలికీ, లోపలివి అంచుకూ చేరతాయి. దీన్ని "గుమిగూడడం" అంటే చాలు, కొత్త మాట పుట్టించనక్కరలేదు.

ఆడది రావడం మరీ ఆలస్యమై కొవ్వు అడుగంటితే, శరీరం కండను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు మగది గుడ్డును వదిలి సముద్రం వైపు నడుస్తుంది. ఆ దశను మాత్రం పస్తు అంటే నేనూ ఒప్పుకుంటాను.

మీరు అడగలేదు గానీ, ఈ మధ్య పత్రికల్లో "గుడ్డు పొదిగింది, పిల్ల వచ్చింది" అని కనబడుతోంది. పొదిగేది పక్షి, గుడ్డు కాదు. మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "మగ ఎంపరర్ పెంగ్విన్ గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్టమడతతో కప్పి, తొమ్మిది వారాలు ఉపవాసముండి నిలబడే పొదుగుతుంది. ఆ తర్వాత గుడ్డు పగిలి పిల్ల బయటికి వస్తుంది."