కిరాయి పెంచుతున్నామని ఉత్తరం పంపితే కిరాయి పెరిగినట్టేనా?

ప్రశ్న: నల్లగొండ ప్రకాశం బజార్‌లో మాకు ఒక షట్టర్ ఉంది. 19 ఏండ్ల నుంచి ఒకాయన బట్టల దుకాణం నడుపుతున్నాడు. మా నాయన బతికున్నప్పుడు 100 రూపాయల స్టాంపు పేపర్ మీద మూడేండ్లకు అగ్రిమెంట్ రాసుకున్నరు. ఏటా పది శాతం పెంచాలని అందులో ఉంది. అది 2025 మార్చి 31తో అయిపోయింది. నాయన పోయిండు, అమ్మకు డయాలసిస్ నడుస్తోంది, ఖర్చులు మోయలేకపోతున్నం. మే 20న వాట్సాప్‌లో లెటర్ పంపిన. జూన్ 1 నుంచి 12,000 కాదు, 20,000 కట్టాలని, ఇష్టం లేకపోతే ఖాళీ చేయమని, కారణాలన్నీ రాసిన. ఆయన ఇప్పటికీ 12,000 మాత్రమే ఫోన్‌పే చేస్తున్నాడు. తొమ్మిది నెలల తేడా 72,000 అయింది. లాక్‌డౌన్‌లో నాలుగు నెలల కిరాయి 36,000 కూడా ఎగ్గొట్టిండు. మూడు నెలల నోటీసు ఇయ్యాలని యూట్యూబ్‌లో చెప్తున్నరు. షట్టర్‌కు తాళం వేసి, బాకీ మొత్తం కట్టినంకనే తీస్తే తప్పా? మాకు న్యాయం ఎట్ల?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో నేను ముందు చూసింది మీ ఉత్తరం కాదు, దాని కింద ఉన్న మెసేజ్‌లు. జూన్ 4న ఆయన 12,000 పంపి ‘జూన్ రెంట్’ అని రాశాడు. మీ అమ్మగారు ‘అందినయ్ అన్నా’ అని జవాబిచ్చారు. జూలైలో అదే, ఆగస్టులో అదే. ఆ రెండు మాటలే ఈ వ్యవహారాన్ని తేల్చేస్తున్నాయి. మీరు 20,000 అన్నారు, ఆయన ఒప్పుకోలేదు, పాత కిరాయి ఇచ్చాడు, మీరు దాన్ని కిరాయిగానే తీసుకున్నారు. కాబట్టి ఈ తొమ్మిది నెలలూ చట్టం దృష్టిలో కిరాయి 12,000 మాత్రమే. మీరు లెక్కగట్టిన 72,000 బాకీ కాదు. దాని కోసం దావా వేస్తే కోర్టు ఫీజు దండగ.

కిరాయి అనేది ఇద్దరి ఒప్పందం. ఒప్పందం నడుస్తుండగా యజమాని ఒక్కడే ఉత్తరం రాసి దాన్ని మార్చలేడు. గడువు తీరాక కిరాయిదారు దుకాణంలోనే ఉండి, యజమాని కిరాయి తీసుకుంటూ పోతే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం ఆ కౌలు నెలనెలా సాగే కౌలుగా కొనసాగుతుంది. ఏప్రిల్ నుంచి మీకు జరిగింది ఇదే. దాన్ని రద్దు చేస్తేనే మీ చేతికి బలం వస్తుంది. మీ ఉత్తరం రద్దు చేయలేదు. ‘ఇష్టం లేకపోతే ఖాళీ చేయగలరు’ అన్న వాక్యం కోరిక లాగా ఉంది, ఫలానా తేదీతో కౌలు ముగిసింది అన్న మాట ఎక్కడా లేదు. పైగా 106వ సెక్షన్ ప్రకారం నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, పోస్టులో పంపాలి లేదా చేతికి అందించాలి. సంతకం లేని వాట్సాప్ మెసేజ్‌కు రెండు నీలం టిక్కులు పడినంత మాత్రాన అది ఈ నోటీసు అయిపోదు.

ఇక అగ్రిమెంట్‌లోని పది శాతం మాట. మూడేళ్లు ఆ క్లాజు చేతిలో పెట్టుకుని ఒక్క ఏడు కూడా మీ కుటుంబం అడగలేదు, అది మొదటి నిర్లక్ష్యం. రిజిస్టర్ చేయించకపోవడం అంతకంటే పెద్దది. ఏడాది దాటిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని అందరికీ తెలుసు. ‘11 నెలలకు రాసుకుంటే అక్కర్లేదు’ అని స్టాంపు వెండర్ల దగ్గర వినిపించే మాట మాత్రం మన దగ్గర నిలవదు. 1999 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఉమ్మడి రాష్ట్ర సవరణతో ఎంత కాలానికి రాసుకున్న కౌలు పత్రమైనా రిజిస్టర్ చేయించాల్సిందే. రిజిస్టర్ కాని కాగితం ఆయన అక్కడ కిరాయిదారుగా ఉన్నాడని చూపడానికి పనికొస్తుంది, అదీ స్టాంపు డ్యూటీ, పెనాల్టీ కట్టాకే. అందులోని షరతులను అమలు చేయమని అడగడానికి పనికిరాదు.

లాక్‌డౌన్ కిరాయి సంగతి ఇంకా బాధాకరం. కిరాయి బాకీకి దావా గడువు మూడేళ్లు. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. ఆ వెసులుబాటు కలిపినా మీ నాలుగు నెలల బాకీకి గడువు 2025 ఫిబ్రవరి చివరికి అయిపోయింది. గడువు ఉండగా ఆయన సంతకంతో ‘ఇంత బాకీ ఉన్నాను’ అని ఒక చీటీ రాయించుకుని ఉంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వచ్చేవి. నాన్నగారి డైరీలోనో, పాత రసీదు పుస్తకంలోనో అలాంటిది ఏమైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఆ 36,000 మీద ఆశ వదులుకుని మాట్లాడండి.

తాళం గురించి గట్టిగా చెబుతున్నాను, వేయకండి. కరెంటు కట్ చేయించడం, షట్టర్ ముందు ఇసుక పోయించడం కూడా అంతే. గడువు ముగిసిన కిరాయిదారునైనా చట్టప్రకారం తప్ప బయటికి పంపడానికి లేదు. మీరు తాళం వేస్తే ఆరు నెలల లోపు ఆయన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు. ఆ దావాలో మీరు యజమాని అన్న విషయం కూడా మిమ్మల్ని కాపాడదు. లోపల పండుగ సరుకు ఉందని, అది పాడైందని, గల్లాలో డబ్బు పోయిందని పోలీస్ కంప్లైంట్ తోడవుతుంది. రేపు మీరు ఖాళీ చేయించమని కోర్టుకు వెళ్లినప్పుడు ఆయన లాయర్ ముందు చూపించేది ఆ తాళం ఫోటోనే.

ఇప్పుడు దారి చెబుతాను. మీ కిరాయి 12,000 కాబట్టి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అడ్డు రాదు. కిరాయి కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటితే ఆ చట్టం వర్తించదు. అంతకు తక్కువ కిరాయి ఉన్నవాళ్లు ఈ జవాబును తమకు అన్వయించుకోకండి. వాళ్లు రెంట్ కంట్రోలర్ దగ్గరికే వెళ్లాలి, కారణాలు కూడా చట్టం చెప్పినవే చూపాలి. మీకైతే సివిల్ కోర్టు. మూడు నెలల నోటీసు అన్నది 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టంలోని మాట, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. నెలనెలా సాగే దుకాణం కౌలుకు 106వ సెక్షన్ అడిగేది 15 రోజులు, అదీ నోటీసు ఆయనకు అందిన రోజు నుంచి. అయినా మీరు 30 రోజులు ఇవ్వండి. 19 ఏళ్ల దుకాణాన్ని 15 రోజుల్లో ఎత్తేయమన్నారని జడ్జి ముందు అనిపించుకోవడం ఎందుకు?

ఈ నోటీసులో రెండు మాటలు కలిపేయకూడదు. మొదటి పేరాలో రద్దు, ఏ షరతూ లేకుండా: ‘మీ నెలవారీ కౌలును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాము. ఈ నోటీసు అందిన 30 రోజుల లోపు షట్టర్ ఖాళీ చేసి స్వాధీనం అప్పగించాలి. అప్పగించిన రోజు మీ అడ్వాన్సు తిరిగి ఇస్తాము. గడువు తర్వాత ఉంటే నెలకు 20,000 చొప్పున నష్టపరిహారం చెల్లించాలి.’ రెండో పేరాలో విడిగా ప్రతిపాదన: ‘ఆ గడువు లోపు నెలకు 20,000 కిరాయితో రిజిస్టర్డ్ కౌలు పత్రం రాసుకోవడానికి మీరు సిద్ధమైతే, మేమూ సిద్ధం.’ రెండూ ఒకే వాక్యంలో ‘కట్టండి, లేదా వెళ్లండి’ అని పెడితే ఇది రద్దా, బేరమా అని ఆయన లాయర్ వాదన మొదలుపెడతాడు.

కారణాల దగ్గరికి వస్తే, అమ్మగారి డయాలసిస్ రాయకండి. అది నిజమైన కష్టమే, కానీ దాంతో షట్టర్ విలువ పెరగదు. రాయాల్సింది ఆ వరసలో పక్క షట్టర్ల కిరాయి ఎంత, పన్ను ఎంత పెరిగింది, మీరు చేయించిన మరమ్మతులు ఏమిటి. ఎందుకంటే కౌలు రద్దయ్యాక ఆయన కట్టాల్సింది పాత కిరాయి కాదు, మార్కెట్ రేటు ప్రకారం పరిహారం. ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ దిక్కుగానే చెప్పింది. ఆ రేటును నిరూపించాల్సింది మాత్రం మీరే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పక్క దుకాణాల రిజిస్టర్డ్ కౌలు పత్రాల సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి. ‘అందరూ 20,000 ఇస్తున్నారు’ అని నోటితో చెబితే కోర్టు రాసుకోదు.

నోటీసు మీద మీ అమ్మగారు, మీరు, మీ తోబుట్టువులు ఉంటే వాళ్లు కూడా సంతకం పెట్టండి. వారసుల్లో ఒకరు అడగలేదన్న సాకు అప్పుడు ఉండదు. పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్ చేయించి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపండి, రసీదు, ట్రాకింగ్ ప్రింటు దాచండి. కార్డు ఫిబ్రవరి 11న సంతకంతో తిరిగి వచ్చిందనుకోండి, 12 నుంచి లెక్క మొదలై మార్చి 13తో 30 రోజులు నిండుతాయి. మార్చి 14 నుంచి ప్రతి నెలా పరిహారం లెక్కలోకి వస్తుంది. ఖాళీ చేయించే దావాకు రద్దు తేదీ నుంచి 12 ఏళ్ల గడువు ఉంది కానీ పరిహారం డబ్బు మూడేళ్లకు మించి వెనక్కి రాదు, కాబట్టి ఊరికే కూర్చోకండి.

గడువు దాటాక కూడా ఆయన 12,000 ఫోన్‌పే చేస్తాడు, తప్పకుండా చేస్తాడు. నోటీసు తర్వాత డబ్బు తీసుకున్నంత మాత్రాన నోటీసు దానంతటదే పోదని సరూప్ సింగ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అయినా ఆ వాదనకు చోటివ్వకండి. డబ్బు పడిన రోజే అదే నంబర్‌కు మెసేజ్ పెట్టండి: ‘ఈ 12,000 కిరాయిగా కాదు, రద్దు తర్వాత వాడుకుంటున్నందుకు పరిహారంలో కొంత భాగంగా, మా హక్కులకు భంగం లేకుండా జమ చేసుకున్నాము.’ అమ్మగారి ఫోన్‌లో ఈ వాక్యం కాపీ చేసి పెట్టండి, ప్రతి నెలా అదే పంపమనండి. ‘అందినయ్ అన్నా’ అనే మాట మాత్రం ఇక రాయొద్దని చెప్పండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ మీ లాయర్ తయారు చేస్తారు.

మీ జాగాలో నేనైతే నోటీసు చేరిన వారానికి ఆయన దుకాణానికి వెళ్లి కూర్చుని మాట్లాడతాను. 19 ఏళ్ల గిరాకీ ఉన్న చోటు వదలడం ఆయనకు కూడా కష్టమే. 17,000కో 18,000కో తెగితే తెంచుకోండి, ఏటా పెంపు క్లాజుతో మూడేళ్లకు కౌలు పత్రం రాయించి రిజిస్టర్ చేయించండి. లాక్‌డౌన్ బాకీలో ఎంతైనా ఇవ్వడానికి ఆయన ఒప్పుకుంటే, ఆ మొత్తాన్ని ఆయన సంతకంతో విడిగా రాయించుకోండి. గడువు దాటిన బాకీకి కూడా అలాంటి రాతపూర్వక వాగ్దానం చెల్లుతుంది.