ఏ వ్యాసం చదివినా కరెక్టే అనిపిస్తుంటే

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి వచ్చే ఏడాది లా కోర్సులో చేరాలనుకుంటోంది. రోజూ సంపాదకీయాలు చదువుతుంది. కానీ ఏ వ్యాసం చదివితే అదే కరెక్ట్ అంటుంది. మర్నాడు దానికి పూర్తి వ్యతిరేకంగా రాసింది చదివి, అదీ కరెక్టే అంటుంది. వ్యాసాన్ని వాదన పటంగా గీయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఉందట, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. అందులో చేర్పించాలా, ఇంట్లోనే సాధన చేయించాలా? రెండూ పోల్చి చెప్పండి. సొంత అభిప్రాయం లేని పిల్ల లాయరుగా ఏం పనికొస్తుందని వాళ్ల నాన్నగారికి ఒకటే టెన్షన్. — ఒక తల్లి

జవాబు: అమ్మా, వాళ్ల నాన్నగారి టెన్షన్‌తోనే మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. రెండు వైపులా బలం కనిపించే పిల్ల లా చదువుకు పనికిరాకపోవడమేమిటి? పేపరు తెరవకముందే తీర్పు చెప్పేసే పిల్లల గురించి నాకు ఎక్కువ బెంగ. మీ అమ్మాయి వ్యాసాన్ని మొత్తంగా ఒకే ముద్దగా మింగుతోంది, అందుకే మొత్తంగా ఒప్పుకుంటోంది. ఏ వాక్యం ఏ వాక్యం మీద ఆధారపడి నిలబడిందో విడదీసి చూడటం ఆమెకు ఎవరూ చూపించలేదు. వాదన పటం చేసేది ఆ పనే. పైగా ఇది లాయర్లకు కొత్తదేం కాదు. ఒక కేసులో ఏ సాక్ష్యం ఏ విషయాన్ని బలపరుస్తోందో, ఏది దాన్ని దెబ్బతీస్తోందో గీతలతో చూపే పటాలను జాన్ హెన్రీ విగ్మోర్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు 1913లోనే ఒక పుస్తకంలో వివరించాడు.

కోర్సు సంగతి తర్వాత. ముందు పటం ఎలా గీస్తారో ఒక్కసారి చూడండి. ఉదాహరణ కోసం నేనే ఒక చిన్న పేరా రాశాను:

"ఒకప్పుడు పాఠం వినాలంటే కాలేజీకి రావడం తప్ప దారి లేదు. ఇప్పుడు అదే పాఠం ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లయినా వినొచ్చు. బలవంతంగా కూర్చోబెట్టినవాళ్లు తాము వినరు, పక్కవాళ్లను విననివ్వరు. నిబంధన తీసేస్తే తరగతులు ఖాళీ అవుతాయని కొందరి భయం. బాగా పాఠం చెప్పేవారి తరగతి ఎప్పుడైనా ఖాళీగా ఉందా? 18 ఏళ్లకు ఓటు వేయగలిగినవాళ్లు తరగతికి రావాలో వద్దో తేల్చుకోలేరా? హాజరు తప్పనిసరి అనే నిబంధనను ఇకనైనా ఎత్తేయాలి."

ముందుగా రచయిత మనల్ని దేనికి ఒప్పించాలని చూస్తున్నాడో ఆ ఒక్క వాక్యం పట్టుకోవాలి. ఇక్కడ అది చివర్లో ఉంది. సంపాదకీయాల్లో చాలాసార్లు అంతే, అయినా పిల్లలు మొదటి వాక్యాన్నే ప్రధాన వాదనగా రాసేస్తారు. తర్వాత ప్రతి వాక్యాన్నీ "ఇది ఎందుకు ఉంది?" అని అడగాలి. "ఒకప్పుడు" అంటూ మొదలయ్యే వాక్యం నేపథ్యం మాత్రమే, దాన్ని కొట్టేసినా వాదనకు నష్టం లేదు. కాబట్టి దానికి పటంలో చోటు లేదు. ప్రశ్నల రూపంలో ఉన్నవాటిని మామూలు వాక్యాలుగా మార్చి రాయాలి. "తేల్చుకోలేరా?" అన్నది "తేల్చుకోగలరు" అవుతుంది. అలా మార్చగానే ఆ వాక్యంలోని ఊపు సగం తగ్గిపోవడం మీ అమ్మాయే గమనిస్తుంది. "కొందరి భయం" అన్న మాటలో రచయిత గొంతు లేదు, ఎదుటివాళ్ల అభ్యంతరాన్ని ఆయన వినిపిస్తున్నాడు. దీన్ని కూడా రచయిత అభిప్రాయంగా రాసుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కాగితం మీద ఒక్కో వాక్యాన్ని ఒక్కో పెట్టెలో రాసి, పైన ప్రధాన వాదన, దాని కింద కారణాలు, అభ్యంతరాలు పెట్టి గీతలతో కలుపుతారు. ఇక్కడ గీతల బదులు గుర్తులు పెడుతున్నాను. + అంటే కారణం, - అంటే అభ్యంతరం. బ్రాకెట్లలో ఉన్నవి రచయిత పైకి చెప్పకుండా నమ్ముకున్న మాటలు.

```
హాజరు తప్పనిసరి అనే నిబంధన ఎత్తేయాలి
  + పాఠాలు ఇంట్లోనే వినొచ్చు
    (హాజరు నిబంధన పాఠం వినడం కోసమే)
  + బలవంతంగా కూర్చున్నవాళ్లు వినరు
  + వాళ్లు పక్కవాళ్లను విననివ్వరు
  + రావాలో వద్దో విద్యార్థులే తేల్చుకోగలరు
      + 18 నిండినవాళ్లు ఓటు వేయగలరు
        (ఓటు వేయగలిగితే ఇదీ తేల్చుకోగలరు)
        (విద్యార్థులంతా 18 నిండినవాళ్లే)
  - నిబంధన తీసేస్తే తరగతులు ఖాళీ అవుతాయి
      - బాగా చెప్పేవారి తరగతులు ఖాళీ కావు
```

ఇందులో నాకు ముఖ్యం ఆ బ్రాకెట్లే. వాటిని ఎలా పట్టుకోవాలో చెప్తాను. కారణంలో ఉన్న ఒక మాట పైనున్న వాక్యంలో లేకపోతే, దాన్ని పైదానితో కలిపే వాక్యం ఏదో దాక్కుని ఉందని అర్థం. "ఓటు" అన్న మాట చూడండి. పై వాక్యంలో ఓటు ప్రస్తావనే లేదు. కాబట్టి "ఓటు వేయగలిగితే ఇదీ తేల్చుకోగలరు" అన్న మాటను రచయిత మన చేత నోరు విప్పకుండానే ఒప్పించాడు. ఇదే పద్ధతిని తిరగేసి వాడొచ్చు. పై వాక్యంలో "విద్యార్థులు" ఉన్నారు, కింద "18 నిండినవాళ్లు" ఉన్నారు. ఈ రెండింటినీ కలపాలంటే విద్యార్థులంతా 18 నిండినవాళ్లే అయి ఉండాలి. మొదటి ఏడాది తరగతిలో పదిహేడేళ్లవాళ్లు ఉండరా? ఆవేశంగా చదివేటప్పుడు కనిపించని సందు, పటం గీసేసరికి బయటపడింది.

ఈ దాగిన వాక్యాలు కారణంతో జోడెద్దుల్లా నడుస్తాయి. ఒకటి పడిపోతే రెండోది ఒంటరిగా బండి లాగలేదు. "వినరు", "విననివ్వరు" మాత్రం అలాంటివి కావు. మొదటిది తప్పని తేలినా రెండోది తన బలంతో తాను నిలబడుతుంది, అందుకే వాటిని విడివిడిగా రాశాను. అనుమానం వస్తే ఒకదాన్ని వేలితో మూసి, మిగిలినదానికి ఇంకా ఏమైనా బలం ఉందా అని చూడటమే పరీక్ష.

ఇక అభ్యంతరం. "బాగా చెప్పేవారి తరగతులు ఖాళీ కావు" అన్నదాన్ని కొత్తవాళ్లలో చాలామంది నేరుగా ప్రధాన వాదన కింద మరో కారణంగా గీస్తారు. అది అభ్యంతరానికి ఇచ్చిన సమాధానం, కాబట్టి అభ్యంతరం కిందే ఉండాలి. సరైన చోట పెడితేనే ఆ సమాధానం ఎంతవరకు సరిపోయిందో తెలుస్తుంది. ఇక్కడ సగమే సరిపోయింది. అంత బాగా చెప్పలేనివారి తరగతుల మాటేమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది. మొదటి కారణం కిందున్న బ్రాకెట్‌దీ అదే పరిస్థితి. ప్రయోగశాల ఉన్న చదువుల్లో హాజరు పాఠం వినడానికి మాత్రమేనని ఎవరూ అనరు.

ఇంతవరకు గీశాక "ఈ వ్యాసం కరెక్టేనా?" అని మీ అమ్మాయిని అడిగి చూడండి. "విననివ్వరు అన్నది ఒప్పుకుంటాను, ఓటు సంగతి మాత్రం ఒప్పుకోను" అనడానికి ఆమెకు ఇప్పుడు చోటు దొరికింది. మీరు లేదనుకుంటున్న సొంత అభిప్రాయం ఇలాగే తయారవుతుంది.

పటం సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని పైకి చదివించండి. పైనుంచి కిందికి వస్తూ కారణం దగ్గర "ఎందుకంటే" అనాలి, కిందినుంచి పైకి వెళ్తూ "కాబట్టి" అనాలి. ఎక్కడ మాట అతకకపోతే అక్కడ పెట్టె తప్పు చోట ఉంది. ఒక్కో పెట్టెలో పూర్తి వాక్యం ఉండాలి. "ఓటు హక్కు", "క్రమశిక్షణ" అని ముక్కలు రాస్తే అది మైండ్ మ్యాప్ అవుతుంది. మైండ్ మ్యాప్ విషయాలు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, కానీ "క్రమశిక్షణ" అన్న మాటతో ఎవరు ఏకీభవిస్తారు, ఎవరు విభేదిస్తారు? ఇంకో మాట, వ్యంగ్యంగా రాసిన వ్యాసాలనూ, ఒక సంఘటన చెప్పి వదిలేసే వ్యాసాలనూ మొదట్లో పక్కన పెట్టండి. వాటిని పెట్టెల్లో ఇరికించబోతే రచయిత అనని మాటలు ఆయన నోట్లో పెట్టినట్టవుతుంది.

ఇక కోర్సు. ఈమధ్య "క్రిటికల్ థింకింగ్" అని పేరు పెడితే చాలు, ఏదైనా అమ్ముడుపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో కారణానికి ఆకుపచ్చ పెట్టె, అభ్యంతరానికి ఎర్ర పెట్టె చక్కగా వస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. కానీ తప్పు చోట పెట్టిన పెట్టె కూడా అంతే చక్కగా కనిపిస్తుంది! మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వాదన పటాలతో తార్కిక ఆలోచన నేర్పినప్పుడు విద్యార్థుల్లో మంచి మెరుగుదల కనిపించిన మాట నిజం. అయితే వాళ్లు ఒక సెమిస్టర్ పొడవునా అభ్యాసాల మీద అభ్యాసాలు చేశారు, తప్పులు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లు పక్కన ఉన్నారు. వీడియోలు చూసి చివర్లో సరైన జవాబుకు టిక్కు పెట్టే కోర్సుకు ఆ ఫలితాన్ని అంటగట్టడం నాకు నచ్చదు. చేర్పించే ముందు ఒక్క విషయం అడగండి. మా అమ్మాయి గీసిన పటాన్ని ఒక మనిషి చూసి దిద్దుతారా? దిద్దిన పటం ఒకటి నమూనాగా చూపించమనండి. చూపిస్తే ఆలోచించండి. చూపించకపోతే కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. ఆ సర్టిఫికెట్ చూసి లా కాలేజీ సీటు ఇస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇంట్లో సాధన అంటే మీరూ, వాళ్ల నాన్నగారూ కూడా కూర్చోవాలి, అదీ చేతులు కట్టుకుని. కొంచెం కటువుగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఆ పిల్ల ఏదో ఒకటి అనగానే "అది తప్పు" అని పెద్దలే తేల్చేసే ఇళ్లను నేను చాలా చూశాను. అలాంటి ఇంట్లో పిల్లలకు ఎవరు ఏమన్నా కరెక్టే అనడం అలవాటైపోతుంది, ఎందుకంటే అక్కడ క్షేమంగా బయటపడే దారి అదొక్కటే. మీ ఇల్లు అలాంటిదో కాదో నాకు తెలియదు, మీకు తెలుసు. పటం ముందు కూర్చున్నప్పుడు ఆమె అభిప్రాయాన్ని దిద్దకండి. "ఈ పెట్టె ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని మాత్రమే అడగండి.

రోజుకో సంపాదకీయం మానిపించి వారానికి ఒకటి చాలనండి. మొదట్లో ఒక్కదానికే గంట పైన పడుతుంది, పెట్టెలు లెక్కలేనన్ని వస్తాయి, వాటిలో సగం కొట్టేయాల్సి వస్తుంది. కంగారు పడకండి, అందరికీ అంతే. ఒక నెల గడిచాక ఒకే విషయం మీద రెండు వైపులా రాసిన రెండు వ్యాసాలు తీసుకుని, ఒకే పెద్ద కాగితం మీద గీయించండి. ఒక వ్యాసంలోని కారణాలు రెండో వ్యాసంలో అభ్యంతరాలుగా ఎక్కడ కనిపిస్తున్నాయో, ఏ కారణానికి అవతలివాళ్లు అసలు జవాబే చెప్పలేదో ఆమెనే వెతకమనండి.