కేఎం ఎక్కువ వస్తోందా? ఇన్హిబిటర్ రకం తేల్చే ముందు టైము చూడండి

"పీఎన్‌పీపీతో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ప్రాక్టికల్ చేశాం. ఇన్హిబిటర్ లేని ట్యూబుల్లోనే కేఎం పక్క బ్యాచ్ కన్నా చాలా ఎక్కువ వచ్చింది. ఇలాంటప్పుడు ఇన్హిబిటర్ ఏ రకమో గ్రాఫ్ చూసి ఎలా చెప్పాలి?"

మీ ట్యూబుల్లో మీరు కలపని ఇన్హిబిటర్ ఏదో ఉన్నట్టు గ్రాఫ్ చెబుతోంది. ఇలాంటప్పుడు నేను మొదట అనుమానించేది టైమునే. ఎంజైము పీఎన్‌పీపీ అనే సబ్‌స్ట్రేట్‌ను ఫాస్ఫేట్‌గా, పసుపు రంగు నైట్రోఫినాల్‌గా విడగొడుతుంది. మూడు నిమిషాలు ఆగి, ఆ పసుపును 405 నానోమీటర్ల దగ్గర ఒక్క రీడింగు తీసి, దాన్ని మూడుతో భాగించి "రేటు" అని రాసేయడం చాలా ల్యాబుల్లో అలవాటు.

లెక్క వేసి చూద్దాం. అసలు వీమ్యాక్స్ నిమిషానికి 20 మైక్రోమోలార్, కేఎం 50 మైక్రోమోలార్ అనుకోండి.

```
v = Vmax × S / (Km + S)
```

సబ్‌స్ట్రేట్ 10 మైక్రోమోలార్ ఉన్న ట్యూబులో తొలి రేటు నిమిషానికి 3.33 రావాలి. అయితే అక్కడ ఉన్నదే 10. ఒక్క నిమిషంలో అందులో 2.9 అయిపోతుంది, మూడు నిమిషాలకు దాదాపు 6.5 ఖర్చవుతుంది. సబ్‌స్ట్రేట్ తగ్గేకొద్దీ రేటూ పడిపోతుంది కాబట్టి మూడు నిమిషాల సగటు 2.2 దగ్గరే ఆగుతుంది. అంటే మూడో వంతు తక్కువ. దానికి తోడు, విడుదలయ్యే ఫాస్ఫేట్ ఈ ఎంజైముకు కాంపిటీటివ్ ఇన్హిబిటర్ కాబట్టి అది ఇంకొంచెం లాగుతుంది.

అదే 500 మైక్రోమోలార్ ట్యూబులో మూడు నిమిషాలకు 54 ఖర్చయినా మిగిలినది కేఎంకు తొమ్మిది రెట్లు. ఎంజైము ఇంకా దాదాపు నిండుగానే ఉంటుంది, అందుకే రేటు 18.2 నుంచి 18 దాకా మాత్రమే జారుతుంది. కింది పాయింట్లు కుంగిపోయి, పై పాయింట్లు అలాగే నిలబడితే కర్వు అచ్చం కాంపిటీటివ్ ఇన్హిబిషన్‌లా కనిపిస్తుంది. 10 మైక్రోమోలార్ పాయింటు ఒక్కదాన్నే నమ్మితే కేఎం 80 దాటుతుంది.

ఆ పైన లైన్‌వీవర్-బర్క్ ఒకటి! 1/Sకు ఎదురుగా 1/v గీసే 1934 నాటి ఆ పద్ధతి స్కేలు, పెన్సిలు రోజుల్లో పనికొచ్చింది. ఇప్పటికీ రికార్డులో అదే గీయమంటారు. 1/S తీసుకోగానే, అన్నిటికన్నా తప్పు ఎక్కువున్న 10 మైక్రోమోలార్ పాయింటు కుడి చివరకు వెళ్లి గీత మొత్తాన్ని తనవైపు తిప్పేస్తుంది. ఎక్సెల్‌లో సాల్వర్ పెట్టి పైన ఇచ్చిన సూత్రాన్నే నేరుగా ఫిట్ చేయండి. ఈ డబుల్ రెసిప్రోకల్ గ్రాఫు చూపించడానికి గీయండి, కేఎం మాత్రం దాన్నుంచి తీయకండి.

సరిచేయడం కష్టం కాదు. ఎంజైమును పది రెట్లు పలచన చేయండి. అప్పుడు 10 మైక్రోమోలార్ ట్యూబులో నిమిషానికి 0.33 మైక్రోమోలార్ తయారవుతుంది, మూడు నిమిషాలకు పది శాతం లోపే ఖర్చు. ఆల్కలైన్ బఫర్‌లో ఒక మైక్రోమోలార్ నైట్రోఫినాల్ సుమారు 0.018 అబ్సార్బెన్స్ ఇస్తుంది. కాబట్టి ఆ మూడు నిమిషాల మొత్తం మార్పు 0.018 లోపే ఉంటుంది. చిన్నదే, అందుకే ఒక్క రీడింగు చాలదు, పది, పదిహేను సెకన్లకోసారి తీసి వాలు చూడండి. గీత మొదట్లోనే వంగితే ఎంజైము ఇంకా ఎక్కువున్నట్టే. ఎంజైము లేని బ్లాంకు ప్రతి సబ్‌స్ట్రేట్ గాఢతకూ వేరుగా పెట్టాలి, ఎందుకంటే పాత పీఎన్‌పీపీ స్టాకు ముందే పసుపు రంగు పట్టి ఉంటుంది. ఫాస్ఫేట్ బఫర్ జోలికి వెళ్లొద్దు. దాన్ని వాడితే మీరే ఇన్హిబిటర్ కలిపినట్టు.

ఇప్పుడు అసలు ఇన్హిబిటర్ల సంగతి. సబ్‌స్ట్రేట్ బాగా తక్కువున్న చివర, బాగా ఎక్కువున్న చివర, రెండూ చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఫాస్ఫేట్‌ను దాని కేఐ అంత కలిపితే 10 మైక్రోమోలార్ దగ్గర రేటు 3.33 నుంచి 1.82కి పడుతుంది, 500 దగ్గర మాత్రం 18.2 నుంచి 16.7కే. సబ్‌స్ట్రేట్ ఇంకా పోస్తే తేడా మాయమవుతుంది.

పేగు నుంచి తీసిన ఎంజైముకు ఎల్-ఫినైల్అలనిన్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. అది అన్‌కాంపిటీటివ్, అంటే సబ్‌స్ట్రేట్ పట్టుకున్న ఎంజైము మీదే కూర్చుంటుంది. కేఐ అంత కలిపితే 10 దగ్గర 3.33 కాస్తా 2.86 అవుతుంది, 500 దగ్గర 18.2 ఏకంగా 9.5కి కూలుతుంది. సబ్‌స్ట్రేట్ పోసేకొద్దీ దెబ్బ పెరుగుతుందన్నమాట. పక్కన డి-ఫినైల్అలనిన్ ట్యూబు ఒకటి పెడితే మంచి కంట్రోలు, అది ఇలా ఆపదు.

రెండు చివర్లా ఒకే నిష్పత్తిలో తగ్గితే వెంటనే "నాన్‌కాంపిటీటివ్" అని రాసేయకండి. ఈడీటీఏ జింకును లాగేసి కొంత ఎంజైమును చంపినా కర్వు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఎంజైము సగమైతే వీమ్యాక్సూ సగమవుతుంది, కేఎం కదలదు. సబ్‌స్ట్రేట్ కలపక ముందు ఎంజైమును ఇన్హిబిటర్‌తో రెండు నిమిషాలు ఒకసారి, ఇరవై నిమిషాలు ఇంకోసారి ఉంచి చూడండి. ఇన్హిబిటర్ లేకుండా అంతే సేపు ఉంచిన ఎంజైము నిలకడగా ఉండి, ఇన్హిబిటర్ ఉన్నది మాత్రం సమయంతో పాటు ఇంకా తగ్గుతూ పోతే, మామూలు కేఐ లెక్క దానికి పనికిరాదు.