అద్దాల టెస్టులో 6/6 వచ్చాక కూడా కంటి ప్రెషర్ చూపించుకోవాలా?

"మా నాన్నకి గ్లకోమా ఉంది. నాకు 45. మొన్న కళ్లద్దాల షాపులో చివరి వరస దాకా చదివేశాను. ఇంకా ప్రెషర్ చెక్ ఎందుకు?"

చూపించుకోవాలండీ. గోడమీది అక్షరాలు చదివేది రెటీనా నడిమధ్యనున్న చిన్న భాగం. గ్లకోమా అంటే ఎక్కువగా కంటి లోపలి ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు; అది సాధారణంగా ముందు దెబ్బతీసేది పక్కచూపుని. ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను పూడ్చేస్తుంది, మిగతాది మెదడు సర్దేస్తుంది. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మా బాబాయి పేపరు చక్కగా చదివేవారు, కానీ గుమ్మం పక్కనున్న స్టూలుని రోజూ తన్నుకునేవారు. పరీక్షిస్తే ప్రెషర్ 28. మామూలుగా 10 నుంచి 21 ఉండాలి. పోయిన చూపు తిరిగి రాలేదు. చుక్కలమందు ఉన్నదాన్ని కాపాడటానికే.

ప్రెషర్ చూడటం రెండు నిమిషాల పని: మొద్దుబార్చే చుక్క వేసి, నీలం వెలుగున్న చిన్న మొనని కంటికి ఆనిస్తారు. అయితే ఆ అంకె ఒక్కటే చాలదు. 16 ఉన్నా నరం దెబ్బతినేవాళ్లున్నారు. అందుకే కంటి డాక్టరు దగ్గర "నరం కూడా చూడండి, మా నాన్నకి గ్లకోమా" అని చెప్పండి. స్టెరాయిడ్ చుక్కలు వాడి ఉంటే అదీ చెప్పండి, వాటివల్ల ప్రెషర్ పెరగొచ్చు.