శుక్లం ఆపరేషన్ తర్వాత మళ్లీ మసక: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లె. 14 నెలల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మకి శుక్లం ఆపరేషన్ చేయించాం. ఏడాది పాటు బియ్యంలో రాళ్లు కూడా ఏరుకుంది. ఇప్పుడు మళ్లీ మసక. నాసిరకం లెన్స్ వేశారని ఊళ్లో అంటున్నారు. ఇంకో డాక్టరు లేజర్ చేయాలన్నారు గానీ, సాక్ష్యం పోతుందని ఆగాం. తెలిసినాయన 'లెన్స్ చెడింది' అని సర్టిఫికెట్ రాయిస్తానన్నాడు. ఆపరేషన్ కాగితాలు కనబడటం లేదు. అమ్మ బాధ చూడలేకపోతున్నాం. నష్టపరిహారం వస్తుందా?

జవాబు: ఆ మసక లెన్స్‌లో ఉందా, దాని వెనక పొర మీద ఉందా? మీ కేసంతా ఈ ఒక్క మాట మీదే తేలుతుంది. శుక్లం తీసేటప్పుడు దాని సంచిని అలాగే ఉంచి, కొత్త లెన్స్‌ను అందులోనే కూర్చోబెడతారు. సంచిలో మిగిలిన కణాలు నెలలు గడిచాక పెరిగి వెనక గోడ మీదకు పాకుతాయి. అదే మసక. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి వస్తుంది. మీరు రాసిన 'ఏడాది బాగా కనిపించింది' అన్న మాటే అవతలి లాయరుకు పనికొస్తుంది. ఇది ఒక్కటే చూపి నిర్లక్ష్యమంటే నిలవదు.

ఆ సర్టిఫికెట్ జోలికి వెళ్లకండి. కంటిని పెద్దగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ యంత్రం కింద చూడకుండా రాసిన కాగితం క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఐదు నిమిషాలు ఆగదు. మీ నిజమైన మాటను కూడా అది ముంచుతుంది.

సాక్ష్యం కోసమని తల్లిని చీకట్లో ఉంచడం తప్పు. లేజర్‌కు ముందు డాక్టరు చేత చూపు ఎంతుందో, పొర ఎలా ఉందో, లెన్స్ సరిగా కూర్చుందో లేదో, రెటీనా ఎలా ఉందో రాయించుకుంటే చాలు. తర్వాత వెంటనే యాగ్ లేజర్ చేయించండి. చుక్కలు వేసి, యంత్రం ముందు కూర్చోబెట్టి, కోతా కుట్టూ లేకుండా ఆ పొర మధ్యలో చిన్న కిటికీ తెరుస్తారు. కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో చూపు తేరుకుంటుంది. కంటి ప్రెషర్ చూపించుకోవాలి. మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు, తెర పడినట్టు కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. లెన్స్ మార్చాల్సి ఉంటే మాత్రం లేజర్‌కు ముందే తేల్చుకోవాలి, పొర తెరిచాక ఆ పని కష్టమవుతుంది.

చూపు తేరుకుంటే కారణం పొరేనని తేలినట్టు, కేసు ఆలోచన మానుకోండి. తేరుకోకపోతే రెటీనా డాక్టరు చెప్పేదాన్ని బట్టి చూద్దాం.

కాగితాలు పారేసుకోవడం మీ నిర్లక్ష్యమే. లెన్స్ స్టిక్కర్, సమ్మతి పత్రం, డిశ్చార్జ్ సమ్మరీ కావాలని ఆసుపత్రికి ఈ వారమే రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు 2 ఏళ్లు. ఆపరేషన్ రోజు నుంచి లెక్కించుకోండి, అదే క్షేమం. మీ చేతిలో 10 నెలలే ఉన్నాయి.