ఏడో నెలలో ఆస్పిరిన్ మానేశాను, మళ్లీ మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 28. మాది పలమనేరు దగ్గర పల్లె. మొదటి కాన్పులో బీపీ పెరిగి ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇప్పుడు నాకు 29వ వారం. మూడో నెల దాటగానే డాక్టరమ్మ ఆస్పిరిన్ 75 రాశారు. రక్తం పలచబడితే కాన్పులో ఆగదని మా వదిన చెప్పడంతో మూడు వారాల కిందట మానేశాను. వారం నుంచి తలనొప్పిగా ఉంటే మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటున్నాను. పోయినసారి బీపీ 138/88 ఉంది. ఆస్పిరిన్ మళ్లీ వేసుకోవచ్చా? ఎప్పుడు ఆపాలి?
– ఒక సోదరి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆస్పిరిన్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఇది చదివిన వెంటనే, రేపటికి వాయిదా వేయకుండా, దగ్గర్లోని ఆసుపత్రిలో బీపీ చూపించుకోండి. వారం రోజులుగా తగ్గని తలనొప్పి, మొదటి కాన్పులో బీపీ చరిత్ర, 138/88 అనే అంకె ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే ఏ గైనకాలజిస్టూ ఇంట్లో కూర్చోమని చెప్పరు. 140/90 దాటలేదు కదా అని ధైర్యం చెప్పుకోకండి. మీ తల్లీబిడ్డల కార్డులో మొదటి నెలల్లో రాసిన బీపీ ఎంతో చూడండి. అప్పుడు 110/70 ఉండి ఇప్పుడు 138/88కి వచ్చిందంటే, రోగం ఉన్నట్టు అదే తేల్చదు గానీ, దారి ఎటు పోతోందో మాత్రం చెబుతుంది. ఆ కొలత తీసుకుని కూడా రోజులు గడిచాయి.

అక్కడికి వెళ్లగానే బీపీ కొలిపించుకోకుండా ఐదు పది నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. ఎక్కువ వస్తే కొంతసేపటికి మళ్లీ కొలుస్తారు. మూత్రంలో ప్రోటీన్ చూస్తారు, రక్తంలో ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ పరీక్షలు చేస్తారు, బిడ్డ ఎదుగుదలకు స్కాన్ అడగవచ్చు. బీపీ 160/110 ఉన్నా, కళ్ల ముందు మెరుపులు లేదా మసక కనిపించినా, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, బిడ్డ కదలికలు తగ్గినా అది అత్యవసరం. అప్పుడు 108 పిలిచి చిత్తూరు లాంటి పెద్దాసుపత్రికే వెళ్లాలి. మన ఊళ్లలో గుర్రపువాతం అనే ఫిట్స్ ఈ దశ తర్వాత వచ్చేవే.

తలనొప్పికి మీరు తెచ్చుకుంటున్న మాత్ర పేరు రాయలేదు. అది ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటిదో, వాటిని కలిపిన మాత్రో అయి ఉంటే ఇక వేసుకోవద్దు. 20 వారాలు దాటిన గర్భిణి ఆ జాతి నొప్పి మాత్రలు వాడితే బిడ్డ మూత్రపిండాల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గవచ్చు, తల్లికి బీపీ కూడా పెరగవచ్చు. మనకు ఏదో చెబుతున్న తలనొప్పిని వారం పాటు మాత్రతో నోరు మూయించడం అన్నిటికంటే నాకు భయం కలిగించే విషయం.

ఇక ఆస్పిరిన్. ముందుగా అది ఏం చేస్తుందో తెలిస్తే, మీ వదినగారి భయానికి జవాబు దానంతటదే దొరుకుతుంది. గర్భం మొదటి సగంలో మాయ గర్భాశయపు గోడలోకి వేళ్లూనుకుంటుంది. అక్కడి సన్నటి, బిగుతైన రక్తనాళాలను మెత్తగా, వెడల్పుగా మార్చుకుంటూ పోతుంది. ఈ పని చాలావరకు 16 నుంచి 20 వారాలకే పూర్తవుతుంది. అది సరిగ్గా జరగనివారిలో మాయకు రక్తం చాలక, అక్కడి నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాలన్నిటినీ దెబ్బతీస్తాయి. ఆరేడు నెలల తర్వాత బీపీగానూ, మూత్రంలో ప్రోటీన్‌గానూ బయటపడేది ఈ పాత గొడవే, దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటాం. చిన్న మోతాదు ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కునే స్వభావాన్ని, రక్తనాళాలను బిగించే థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని తగ్గిస్తుంది. అందుకే అది 12 వారాల నుంచి, వీలైతే 16 వారాలలోపే మొదలు కావాలని అంటాం. 28 వారాల వరకు మొదలుపెట్టవచ్చని మార్గదర్శకాలు చెబుతున్నా, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. 30 వారాల దగ్గర కొత్తగా మొదలుపెట్టి ఏదో సాధించాలనుకోవడానికి చాలినంత ఆధారం లేదు.

2017లో వెలువడిన ఆస్ప్రే అనే పెద్ద పరీక్షలో, మొదటి మూడు నెలల్లోనే ముప్పు ఎక్కువని తేలిన వెయ్యిన్నర మందికి పైగా గర్భిణులకు 11 నుంచి 14 వారాల మధ్య రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ లేదా ఉత్త మాత్ర మొదలుపెట్టి 36 వారాల వరకు ఇచ్చారు. 37 వారాలకు ముందే కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం మందికి వచ్చింది. నెలలు నిండాక వచ్చే ప్రీఎక్లాంప్సియాలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. అంటే ఈ మాత్ర ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. మరో మాట, మాత్రలు దాదాపు ఏ రోజూ తప్పకుండా వేసుకున్నవారిలోనే మేలు ఎక్కువగా కనిపించింది. సగం నెల వేసుకుని సగం నెల మానేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఎవరికి రాస్తాం అంటే, మీలా ఇంతకు ముందు ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి, కడుపులో కవలలు ఉన్నవారికి, గర్భానికి ముందే బీపీ లేదా షుగర్ ఉన్నవారికి, కిడ్నీ జబ్బు, లూపస్, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవారికి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. తొలి కాన్పు, 35 దాటిన వయసు, ఎక్కువ బరువు, తల్లికో అక్కచెల్లెళ్లకో ఇది వచ్చి ఉండడం, ముందు కాన్పుకూ దీనికీ పదేళ్లకు మించిన ఎడం వంటివి ఒక్కొక్కటి విడిగా చాలవు, రెండు కలిస్తే ఆలోచిస్తాం. పక్కింటి అమ్మాయి వేసుకుంటోందని వేసుకునే మాత్ర కాదిది. ఆస్పిరిన్ పడనివారు, అది వేసుకుంటే ఆస్తమా వచ్చేవారు, కడుపులో పుండ్లు ఉన్నవారు, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారు దీన్ని ముట్టుకోకూడదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది నా టేబుల్ మీదే జరిగింది. పోయిన ఏడాది శ్రీకాళహస్తి వైపు నుంచి 18వ వారంలో ఒకామె వచ్చింది. చీటీలో నేను రాసింది 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఒక్కటే. ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపిన స్ట్రిప్పు మీద అదే పేరు, అదే 75, కాకపోతే పేరు పక్కన చిన్నగా మరో రెండు అక్షరాలు. అది గుండె రోగులకు ఇచ్చే జంట మాత్ర. అందులో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే మందు కూడా ఉంది, దాన్ని గర్భిణికి సాధారణంగా ఇవ్వం. దుకాణంలో మామూలుది అయిపోయిందని ఇదిచ్చారట, నెల రోజులుగా వేసుకుంటోంది. స్కాన్‌లో బిడ్డ బాగానే ఉంది, కాన్పూ బాగానే అయింది. కానీ ఆనాటి నుంచి నేను ప్రతి చీటీలో 'ఆస్పిరిన్ మాత్రమే' అని తెలుగులో రాస్తున్నాను. మీరు కూడా స్ట్రిప్పు వెనక కూర్పు అన్నచోట ఒకే ఒక్క మందు పేరు ఉందో లేదో చూడండి. తలనొప్పికని అమ్మే పెద్ద మోతాదు ఆస్పిరిన్‌ను విరిచి వేసుకోవడం కూడా దీనికి సాటి కాదు.

మీ విషయానికి వస్తే, మీరు 12 వారాలు దాటాక మొదలుపెట్టారు, 26 వారాల వరకు వేసుకున్నారు. మాయ కుదురుకునే ముఖ్యమైన కాలమంతా మందు మీ ఒంట్లో ఉంది, ఆ మేలు వృథా కాలేదు. ఈ రోజు పరీక్షల్లో ప్లేట్‌లెట్లు సరిగ్గా ఉండి, రక్తస్రావం ఏమీ లేకపోతే, మీ డాక్టరు బహుశా మళ్లీ కొనసాగించమనే అంటారు. ఆ నిర్ణయం మిమ్మల్ని చూసినవారిదే, ఇక్కడి నుంచి నాది కాదు. ఒకవేళ ప్రీఎక్లాంప్సియా వచ్చేసి ఉంటే మాత్రం ఆస్పిరిన్ దానికి చికిత్స కాదు. బీపీ తగ్గించే మందులు, ఆసుపత్రిలో పరిశీలన, అవసరమైతే ముందే కాన్పు, ఇవే అప్పుడు పనికొచ్చేవి. మానేసిన రోజులకు కలిపి రెండేసి మాత్రలు వేసుకోవద్దు. 75కు బదులు 150 కావాలా అన్నది కూడా మీ డాక్టరే చెప్పాలి.

ఆపే సమయం మీద డాక్టర్ల మధ్య కొంత తేడా ఉంది. కొన్ని మార్గదర్శకాలు కాన్పు వరకు కొనసాగించమంటాయి, చాలామంది 36 వారాలకు ఆపుతారు. నేను 36 దగ్గర ఆపుతాను. ఒక మాత్ర ప్రభావం ప్లేట్‌లెట్ల మీద వారం పది రోజులు ఉంటుంది కాబట్టి, కాన్పులోగా అది తీరిపోతుంది. అంతకు ముందే నొప్పులు వచ్చినా, మళ్లీ ఆపరేషన్ అవసరమైనా కంగారు పడనక్కర్లేదు, చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నారో డ్యూటీ డాక్టరుకు చెబితే చాలు. ఇంత చిన్న మోతాదు వల్ల కాన్పులో ప్రమాదకరమైన రక్తస్రావం పెరుగుతుందని పరీక్షల్లో స్పష్టంగా తేలలేదు, వెన్నుకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కు ఇదొక్కటే అడ్డు కాదు. అయితే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు కూడా తీసుకుంటున్నవారికి లెక్క వేరు. మధ్యలో యోని నుంచి రక్తం కనిపించినా, మలం నల్లగా వచ్చినా, ముక్కులోంచి రక్తం ఆగకపోయినా మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి. వానాకాలం జ్వరం వచ్చి డెంగీ అని అనుమానం ఉంటే, ప్లేట్‌లెట్ల సంఖ్య తేలేవరకు మాత్ర వేసుకోకుండా డాక్టరును అడగండి.

వదినగారు మీ మేలు కోరే చెప్పారు, కోపం వద్దు. కానీ ఆమెకు భయం ఉంటే మీతోపాటు ఆసుపత్రికి వచ్చి అడిగి ఉండాల్సింది. మూడు వారాలు చెప్పకుండా మానేసిన సంగతి ఈ రోజు మీ డాక్టరమ్మతో దాచకుండా చెప్పండి, తిడతారేమో అని ఆలోచించకండి. పాత కాన్పు కాగితాలు, ఇప్పటి కార్డు, తలనొప్పి మాత్ర స్ట్రిప్పు మూడూ సంచిలో పెట్టుకుని వెళ్లండి. కాన్పయ్యాక కూడా మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ ఒక్కసారిగా ఎక్కవచ్చు, కాబట్టి ఇంటికి పంపేముందు ఆ రోజుల్లో ఎక్కడ, ఎవరి దగ్గర కొలిపించుకోవాలో ఏ.ఎన్.ఎం.తో మాట్లాడి పెట్టుకోండి.